హార్డ్ డిస్క్, ఎస్‌ఎస్‌డీ: ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌గ్రేడ్‌కు పట్టే సమయం

కంప్యూటర్‌లోని ఫైళ్లు, ప్రోగ్రాములు, సెట్టింగులు చెదరకుండా పాత ఆపరేటింగ్ సిస్టమ్ స్థానంలో కొత్తదాన్ని నిలబెట్టడాన్ని అప్‌గ్రేడ్ అంటారు. దీనికి పట్టే సమయం ప్రాసెసర్, మెమరీ, ఇంటర్నెట్ వేగం మీద కొంత ఆధారపడుతుంది. కానీ అన్నిటికంటే పెద్ద తేడా తెచ్చేది డ్రైవ్. ఒకే మోడల్ లాప్‌టాప్‌లు రెండు తీసుకుని, ఒకదానిలో హార్డ్ డిస్క్, మరొకదానిలో ఎస్‌ఎస్‌డీ ఉంచి ఒకే అప్‌గ్రేడ్ మొదలుపెడితే, ఎస్‌ఎస్‌డీ ఉన్నది అరగంట, ముప్పావు గంటలో పని ముగించే చోట హార్డ్ డిస్క్ ఉన్నది రెండు మూడు గంటలు తీసుకోవడం మామూలే. డ్రైవ్ పెట్టె మీద అచ్చువేసే సెకనుకు ఇన్ని ఎంబీ అనే అంకె ఈ తేడాను వివరించదు. అప్‌గ్రేడ్ అనేది పెద్ద ఫైలును ఒక చోటి నుంచి మరో చోటికి మోసే పని కాదు. లక్షల సంఖ్యలో చిన్న చిన్న పనుల్ని డ్రైవ్‌లో చెల్లాచెదురుగా ఉన్న చోట్ల చేసుకుంటూ పోయే పని. హార్డ్ డిస్క్ బలహీనత సరిగ్గా అక్కడే ఉంది.

ఈ వ్యాసం విండోస్ 10 నుంచి విండోస్ 11కు మారడాన్ని ముఖ్య ఉదాహరణగా తీసుకుంటుంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 అడిగే అర్హతల్లో ప్రాసెసర్ తరం, టీపీఎం 2.0, 4 జీబీ మెమరీ, 64 జీబీ నిల్వ ఉన్నాయి. ఆ నిల్వ ఎస్‌ఎస్‌డీయే కావాలన్న షరతు లేదు. 2018 తర్వాత మన దుకాణాల్లో అమ్ముడైన చాలా లాప్‌టాప్‌లలో ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్, దానికి తోడుగా నిమిషానికి 5,400 చుట్లు తిరిగే 1 టీబీ హార్డ్ డిస్క్ ఉండేవి. కాగితం మీద అవన్నీ అర్హత ఉన్న యంత్రాలే. అప్‌గ్రేడ్ ఎక్కువగా విసిగించేది వీటిమీదనే.

ఒక్క చదువుకు ఎంత సమయం

హార్డ్ డిస్క్‌లో సమాచారం తిరిగే పళ్లేల మీద వలయాలుగా ఉంటుంది. దేన్నైనా చదవాలంటే ముందు హెడ్ ఆ వలయం దాకా జరగాలి, తర్వాత కావలసిన భాగం తిరిగి తిరిగి హెడ్ కిందికి రావాలి. నిమిషానికి 5,400 చుట్లంటే సెకనుకు 90 చుట్లు, చుట్టుకు 11.1 మిల్లీసెకన్లు. సగటున అర చుట్టు ఆగాలి కాబట్టి 5.6 మిల్లీసెకన్లు అక్కడ పోతాయి. హెడ్ జరగడానికి లాప్‌టాప్ డిస్కులలో సుమారు 12 మిల్లీసెకన్లు పడుతుంది. మొత్తం కలిపితే పదిహేడున్నర మిల్లీసెకన్ల పైచిలుకు. అంటే చోటు మారుస్తూ చదివితే సెకనుకు 57 చదువులకు మించవు. ఒక్కో చదువులో వచ్చేది 4 కేబీ మాత్రమే అయితే, సెకనుకు వచ్చే సమాచారం పావు ఎంబీ కూడా ఉండదు. ఇదే డిస్క్ వరుసగా చదివేటప్పుడు సెకనుకు 100 ఎంబీ ఇవ్వగలదు.

ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగం లేదు. సమాచారం ఫ్లాష్ చిప్‌లలో ఉంటుంది, ఏ చోటి నుంచి చదివినా దూరం ఒకటే. సాధారణ సాటా ఎస్‌ఎస్‌డీ ఒక చిన్న చదువును మిల్లీసెకనులో పదో వంతులో ముగిస్తుంది. సెకనుకు పదివేల దాకా వస్తాయి. వరుస చదువులో దాని వేగం 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది కాబట్టి అక్కడ హార్డ్ డిస్క్ మీద దాని ఆధిక్యం ఐదారు రెట్లే. చెదురుమదురు చదువులో మాత్రం నూట డెబ్భై రెట్లకు పైనే. పల్లెవెలుగు బస్సుకు ఎంత మంచి ఇంజిన్ బిగించినా ఊరూరా ఆగాల్సి వస్తే చేరే వేళ పెద్దగా మారదు. హార్డ్ డిస్క్‌కూ అప్‌గ్రేడ్‌కూ ఉన్న సంబంధం అలాంటిది.

ఈ బలహీనత పాతదే. 1956లో ఐబీఎం తెచ్చిన తొలి హార్డ్ డిస్క్ యూనిట్, ఐబీఎం 350, సుమారు 50 లక్షల అక్షరాలను దాచేది, ఒక చోటికి హెడ్ చేరడానికి సుమారు 600 మిల్లీసెకన్లు తీసుకునేది. ఆ తర్వాత ఆరు దశాబ్దాల్లో సామర్థ్యం లక్షల రెట్లు పెరిగింది. హెడ్ జరిగే సమయం మాత్రం యాభై రెట్ల దరిదాపుల్లోనే తగ్గింది. లోహపు చేయి ఒకటి భౌతికంగా కదిలి, ఒకచోట కుదురుకోవాలి. దాన్ని ఇంతకంటే తొందరపెట్టడం కష్టం.

ఫైలు ఒకటి, రాతలు ఐదు

అప్‌గ్రేడ్‌లో ఇన్ని చిన్న పనులు ఎక్కడి నుంచి వస్తాయో తెలియాలంటే విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌లో ఒక కొత్త ఫైలు పుట్టినప్పుడు జరిగేది చూడాలి. ఫైలులోని సమాచారాన్ని ఖాళీ చోట రాయాలి. ఆ చోటు నిండిందని బిట్‌మ్యాప్‌లో గుర్తు పెట్టాలి. మాస్టర్ ఫైల్ టేబుల్‌లో ఆ ఫైలుకు ఒక పద్దు రాయాలి. ఫోల్డర్ సూచికలో పేరు చేర్చాలి. మధ్యలో కరెంటు పోతే సరిదిద్దుకోవడానికి ఈ పద్దుల మార్పులను ముందుగా లాగ్ ఫైలులో నమోదు చేయాలి. ఇవన్నీ డిస్క్‌లో వేర్వేరు చోట్ల ఉంటాయి. ఫైలు 2 కేబీ అయినా 2 జీబీ అయినా ఈ లెక్కల పని మారదు.

విండోస్ ఫోల్డర్‌లో లక్షకు పైగా ఫైళ్లుంటాయి, వాటిలో ఎక్కువ భాగం చిన్నవే. దానికి తోడు WinSxS అనే ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లలో చాలా వాటికి System32 లాంటి చోట్ల రెండో పేరు కూడా ఉంటుంది. ఫైలు శరీరం ఒకటే అయినా పేరు రెండు చోట్ల రాయాలి.

ఇప్పుడు లెక్క వేద్దాం. విండోస్ 11 ఇన్‌స్టాల్ ఫైలు కుదించిన రూపంలో 4 జీబీ వరకు ఉంటుంది, విప్పితే 20 జీబీ అనుకుందాం. వట్టి రాతగా చూస్తే, సెకనుకు 100 ఎంబీ రాసే హార్డ్ డిస్క్‌కు దీనికి 200 సెకన్లు చాలు, అంటే మూడున్నర నిమిషాల లోపే. సాటా ఎస్‌ఎస్‌డీకి 40 సెకన్లు. తేడా మూడు నిమిషాలు కూడా లేదు. ఇక ఫైళ్ల సంఖ్య వైపు నుంచి చూద్దాం. లక్ష ఫైళ్లకు ఒక్కోదానికి మూడు చొప్పున హెడ్ ప్రయాణాలు పడితే మూడు లక్షలు. ఒక్కోదానికి పదిహేడున్నర మిల్లీసెకన్లంటే 5,250 సెకన్లు, అంటే 87 నిమిషాలు. ఎస్‌ఎస్‌డీకి అదే పని 30 సెకన్లు. నిజానికి విండోస్ చాలా రాతలను మెమరీలో పోగు చేసి ఒక్కసారి పంపుతుంది, డిస్క్ కూడా దగ్గరి పనులను కలిపి వరుస మార్చుకుంటుంది. కాబట్టి 87 నిమిషాలు అరగంటకు దిగవచ్చు. ఎంత దిగినా నిమిషాలకూ సెకన్లకూ ఉన్న తేడా మిగిలే ఉంటుంది. పైగా ఇది కొత్త ఫైళ్లు పరచడం ఒక్కటే. పాత సిస్టమ్‌ను పరిశీలించడం, డ్రైవర్లను, రిజిస్ట్రీని, వాడుకదారు సెట్టింగులను కొత్త సిస్టమ్‌కు తరలించడం ఈ లెక్కలో లేవు.

ఫైళ్ల సంఖ్యే అసలు కొలత అనడానికి సాక్ష్యం

2009లో మైక్రోసాఫ్ట్ ఇంజినీర్ ఒకరు విస్టా నుంచి విండోస్ 7కు మారడానికి పట్టే సమయాల పట్టిక ప్రచురించారు. మధ్యస్థాయి యంత్రంలో 650 జీబీ డేటా, 40 ప్రోగ్రాములు ఉన్న సందర్భంలో అది 20 గంటలు దాటింది. ఆ కాలపు సెటప్ వాడుకదారు ఫైళ్లను ఒక్కొక్కటిగా పక్కకు తీసి, మళ్లీ ఒక్కొక్కటిగా తెచ్చిపెట్టేది.

రెండేళ్ల తర్వాత విండోస్ 8 తయారీ గురించి చెబుతూ అదే సంస్థ ఇచ్చిన అంకెలు మరింత ఆసక్తికరం. 14.4 లక్షల ఫైళ్లు, 120 ప్రోగ్రాములు ఉన్న యంత్రాన్ని విండోస్ 7కు మార్చడానికి 513 నిమిషాలు పడితే, విండోస్ 8కు మార్చడానికి 52 నిమిషాలే పట్టింది. సెటప్ పని తీరు మారింది. ఫైళ్లను విడివిడిగా తరలించే బదులు మొత్తం ఫోల్డర్‌ను ఒక్కసారి జరపడం, కొన్ని చోట్ల ఫైలును కదపకుండా దానికి ఇంకో పేరు ఇవ్వడం మొదలుపెట్టారు. లక్షల చిన్న పనులు బాగా తగ్గాయి. అప్‌గ్రేడ్ సమయాన్ని జీబీలలో ఆలోచించేవారికి నేను ముందుగా చూపించే అంకెలివే. పాత విండోస్ అంతటినీ Windows.old ఫోల్డర్‌లోకి పంపడం హార్డ్ డిస్క్ మీద కూడా తొందరగా అయిపోవడానికి కారణం కూడా ఇదే: అక్కడ సమాచారం కదలదు, దారి పేరు మారుతుందంతే. పది రోజుల తర్వాత ఆ ఫోల్డర్‌ను తుడిచేటప్పుడు మాత్రం ప్రతి ఫైలు పద్దునూ విడిగా కొట్టేయాలి. అందుకే హార్డ్ డిస్క్ మీద ఆ తుడిచే పని చాలాసేపు సాగుతుంది.

లినక్స్ లోకంలో ఇదే సమస్య 2010లో మరో రూపంలో బయటపడింది. డెబియన్, ఉబుంటులలో ప్యాకేజీలను విప్పే dpkg, మధ్యలో కరెంటు పోతే ఫైళ్లు ఖాళీగా మిగిలిపోతున్నాయని, ప్రతి ఫైలునూ డిస్క్ మీద పడేదాకా ఆగి నిర్ధారించుకోవడం మొదలుపెట్టింది. హార్డ్ డిస్కులలో ప్యాకేజీలు విప్పడం విపరీతంగా నెమ్మదించింది. తర్వాత ఆ నిర్ధారణను ఫైళ్ల గుంపుకు ఒకసారిగా మార్చారు, భద్రత వద్దనుకునేవారికి `--force-unsafe-io` అనే వెసులుబాటు ఇచ్చారు. ఎస్‌ఎస్‌డీలో ఈ ఎదురుచూపు బరువు హార్డ్ డిస్క్‌తో పోలిస్తే చాలా తక్కువ.

ఏ దశలో ఎంత తేడా

విండోస్ అప్‌గ్రేడ్ నాలుగు దశల్లో నడుస్తుంది. మొదటిది పాత విండోస్ పని చేస్తుండగానే జరుగుతుంది: డౌన్‌లోడ్, అర్హత పరీక్ష, ఫైళ్లు విప్పడం. రెండోదానిలో యంత్రం రీస్టార్ట్ అయి, చిన్నపాటి ప్రత్యేక విండోస్ లోంచి పాతదాన్ని పక్కకు జరిపి కొత్తదాన్ని పెడుతుంది. మూడోది కొత్త విండోస్ తొలి బూట్, అందులో హార్డ్‌వేర్‌ను గుర్తించి డ్రైవర్లు వేసుకుంటుంది. నాలుగోదానిలో వాడుకదారు సెట్టింగులు అమరతాయి.

డౌన్‌లోడ్‌కు డ్రైవ్‌తో పెద్దగా పని లేదు. 20 ఎంబీపీఎస్ కనెక్షన్‌లో 4 జీబీ దిగడానికి 27 నిమిషాలు, ఏ డ్రైవ్‌కైనా అంతే. విప్పే పనిలో కొంత భాగం ప్రాసెసర్‌ది. గట్టిగా కుదించిన ఫైలును విప్పడానికి పాత ప్రాసెసర్‌కు చాలా నిమిషాలు పడుతుంది, ఆ నిమిషాలను ఎస్‌ఎస్‌డీ తగ్గించలేదు. హార్డ్ డిస్క్ అన్నిటికంటే ఎక్కువ నష్టపోయేది మొదటి దశలో, అదీ యంత్రాన్ని మనం వాడుకుంటూ ఉంటే. బ్రౌజర్ ఒక వైపు, యాంటీవైరస్ ఒక వైపు, సెటప్ ఒక వైపు హెడ్‌ను లాగుతుంటే, వరుసగా రాసుకునే అవకాశమున్న పని కూడా చెదురుమదురు పనిగా మారిపోతుంది. సెటప్ తన పనిని తక్కువ ప్రాధాన్యంతో నడుపుతుంది కాబట్టి వాడేవారికి దారి ఇస్తూ మరింత వెనకబడుతుంది. హార్డ్ డిస్క్ యంత్రాన్ని అప్‌గ్రేడ్‌కు పెట్టాక అన్నీ మూసేసి రాత్రికి వదిలేయమనడంలో అర్థముంది.

ఈ దశల విభజన తెలియకపోతే మైక్రోసాఫ్ట్ ప్రకటనలు తప్పుదోవ పట్టిస్తాయి. 2017 ఏప్రిల్ నాటి విండోస్ 10 అప్‌డేట్‌లో యంత్రం వాడకానికి అందకుండా పోయే సమయం సగటున 82 నిమిషాలు ఉండేదని, ఆ ఏటి తర్వాతి అప్‌డేట్‌లో 51కి, 2018 నాటి పరీక్షా రూపాల్లో 30కి తగ్గిందని ఆ సంస్థ చెప్పింది. తగ్గింది నిజమే. కానీ పనిలో పెద్ద భాగాన్ని రీస్టార్ట్‌కు ముందున్న మొదటి దశలోకి మార్చడం వల్ల అలా తగ్గింది. ఎస్‌ఎస్‌డీ ఉన్నవారికి ఆ మార్పు కనిపించదు. హార్డ్ డిస్క్ ఉన్నవారికి నీలి తెర మీది ఎదురుచూపు తగ్గి, దాని ముందు కంప్యూటర్ ఈడ్చుకుంటూ నడిచే గంటలు పెరిగాయి.

అప్‌గ్రేడ్ పూర్తయిందని చెప్పాక కూడా హార్డ్ డిస్క్ పని అయిపోదు. సెర్చ్ సూచిక కొత్తగా కట్టుకోవాలి, యాంటీవైరస్ ఫైళ్లను మళ్లీ చూసుకోవాలి, స్టోర్ యాప్‌లు నవీకరించుకోవాలి. ఎస్‌ఎస్‌డీలో ఇవి తెలియకుండానే ముగుస్తాయి. హార్డ్ డిస్క్ మీద గంట రెండు గంటలు డ్రైవ్ వాడకం నూటికి నూరు దగ్గరే ఉంటుంది, కొత్త విండోస్ బాగాలేదన్న అభిప్రాయం చాలామందికి ఆ గంటలోనే ఏర్పడుతుంది.

సాటా ఎస్‌ఎస్‌డీ నుంచి ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీకి వెళ్తే అంత తేడా రాదు. వరుస చదువులో ఎన్‌వీఎంఈ సెకనుకు 3,500 ఎంబీ ఇచ్చినా, ఒక్కొక్కటిగా చేసే చిన్న చదువుల్లో దాని లాభం తక్కువ. అప్పటికే డ్రైవ్ కోసం ఆగే సమయం కుంచించుకుపోయి ప్రాసెసర్ పని, రీస్టార్టులు, డౌన్‌లోడ్ మాత్రమే మిగులుతాయి. డబ్బు ఖర్చు పెట్టి పొందే లాభం దాదాపు అంతా హార్డ్ డిస్క్‌ను వదలడంలోనే ఉంది.

తన డ్రైవ్ ఎలాంటిదో తెలుసుకోవడం

పవర్‌షెల్‌లో ఈ వరుస డ్రైవ్ రకాన్ని చెబుతుంది:

```
Get-PhysicalDisk | Select FriendlyName, MediaType, BusType, HealthStatus
```

MediaType కింద HDD లేదా SSD అని కనిపిస్తుంది. అప్‌గ్రేడ్‌కు సంబంధించిన వేగం తెలియాలంటే అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది నడపాలి:

```
winsat disk -ran -read -drive c
```

ఇది 16 కేబీ ముక్కలను చెదురుమదురుగా చదివి వేగం చూపుతుంది. పైన లెక్క వేసిన డిస్క్‌లో సెకనుకు 57 చదువులంటే 0.9 ఎంబీ. ఆరోగ్యంగా ఉన్న హార్డ్ డిస్క్‌లో ఒకటి రెండు ఎంబీలు, మంచి సాటా ఎస్‌ఎస్‌డీలో వందల ఎంబీలు కనిపిస్తాయి. అప్‌గ్రేడ్ మొదటి దశలో టాస్క్ మేనేజర్ తెరిచినా ఇదే కథ: డిస్క్ వాడకం 100 శాతం, బదిలీ వేగం మాత్రం ఒకటి రెండు ఎంబీలు. ఆ రెండు అంకెలు పక్కపక్కన కనిపిస్తే హెడ్ పరుగులతోనే కాలం గడిచిపోతోందని అర్థం.

ఎక్కడ చెడుతుంది

నెమ్మది వేరు, చెడిపోవడం వేరు. పాత హార్డ్ డిస్క్‌లో చదవలేని భాగాలుంటే డిస్క్ ఒక్కో భాగాన్ని పదే పదే ప్రయత్నిస్తూ సెకన్లకొద్దీ ఆగుతుంది. ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్‌లో disk పేరుతో 7 లేదా 153 నంబరు ఈవెంట్లు కనిపిస్తే ఆ అనుమానం బలపడుతుంది. మొదటిది చెడిన బ్లాకును, రెండోది మళ్లీ ప్రయత్నించాల్సి వచ్చిన చదువు రాతలను తెలుపుతాయి. అలాంటి డిస్క్ మీద అప్‌గ్రేడ్ మొదలుపెట్టకూడదు. లక్షల ఫైళ్లను తాకే పని, అప్పటిదాకా ఎవరూ చదవని చెడిన చోటును వెతికి మరీ తాకుతుంది.

వలయాలను ఒకదాని అంచు మీద ఒకటి పరిచే ఎస్‌ఎంఆర్ రకం హార్డ్ డిస్కులది ఇంకో ఇబ్బంది. ఒక వలయంలో చిన్న మార్పు చేయాలన్నా పక్కవాటిని కూడా తిరగరాయాలి. మొదట రాతలను ఒక ప్రత్యేక భాగంలో పోగు చేస్తాయి కాబట్టి కాసేపు బాగానే నడుస్తాయి. ఆ భాగం నిండాక ఒక్కో రాతకు సెకన్లు పట్టి, శాతం అంకె కదలకుండా నిలిచిపోతుంది.

ఎస్‌ఎస్‌డీ అయినంత మాత్రాన భరోసా లేదు. చవక ఎస్‌ఎస్‌డీలు వేగంగా రాయడానికి తమ ఖాళీలో కొంత భాగాన్ని తాత్కాలిక నిల్వగా వాడుకుంటాయి. డ్రైవ్ 90 శాతం నిండి ఉంటే ఆ నిల్వ చిన్నదైపోతుంది. అప్‌గ్రేడ్ ఒకేసారి రాసే పది ఇరవై జీబీలు దాన్ని దాటితే రాత వేగం హార్డ్ డిస్క్ స్థాయికి పడిపోవచ్చు. ముందు 30, 40 జీబీలు ఖాళీ చేసుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

శాతం అంకె అరగంట కదలలేదని పవర్ బటన్ నొక్కిపట్టడం హార్డ్ డిస్క్ యంత్రాల్లో తరచూ జరిగే పొరపాటు. డ్రైవ్ లైటు మినుకుమంటున్నంత సేపు పని జరుగుతున్నట్టే భావించి ఆగాలి. మధ్యలో ఆపేస్తే సెటప్ సాధారణంగా పాత విండోస్‌కు వెనక్కి వెళ్లే ప్రయత్నం చేస్తుంది, ఆ వెనకడుగుకూ అదే హెడ్ అన్ని ప్రయాణాలూ చేయాలి. ఎక్కడ ఆగిందో తర్వాత చూడాలంటే `C:\$WINDOWS.~BT\Sources\Panther` ఫోల్డర్‌లోని `setupact.log` తెరవాలి. ప్రతి వరుసకూ సమయం ఉంటుంది. రెండు వరుసల మధ్య పెద్ద ఖాళీ కనిపించిన చోట సెటప్ ఏ పని దగ్గర ఆగిందో తెలుస్తుంది.

ముందు డ్రైవా, ముందు అప్‌గ్రేడా

హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయాలనుకున్నవారు ముందు విండోస్ 11కు మారి, తర్వాత డ్రైవ్ మార్చాలా అని అడుగుతుంటారు. వరుస తిప్పి చేయడమే మేలు. క్లోన్ చేసే సాఫ్ట్‌వేర్ సాధారణంగా డిస్క్‌ను ఫైళ్లుగా కాకుండా, నిండిన బ్లాకులను మొదటి నుంచి చివరి దాకా వరుసగా చదువుతుంది. హార్డ్ డిస్క్ బాగా చేయగలిగిన ఒకే ఒక పని అది. 200 జీబీ నిండిన డిస్క్‌ను సెకనుకు 100 ఎంబీ చొప్పున చదివితే 34 నిమిషాల లోపు, యూఎస్‌బీ అడాప్టర్ వల్ల నెమ్మదించినా గంటలోపే అవుతుంది. ఆ తర్వాత ఎస్‌ఎస్‌డీ మీద అప్‌గ్రేడ్ అరగంట, ముప్పావు గంట. క్లోన్, అప్‌గ్రేడ్ రెండూ కలిపినా హార్డ్ డిస్క్ మీద ఒక్క అప్‌గ్రేడ్‌కు పట్టే సమయం కంటే ఎక్కువ కాదు. పైగా తీసేసిన పాత డిస్క్‌లో విండోస్ 10 అప్‌గ్రేడ్‌కు ముందున్న స్థితిలోనే మిగులుతుంది. బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే క్లోన్‌కు ముందు దాన్ని తీసేసి, పూర్తిగా డీక్రిప్ట్ అయ్యేదాకా ఆగాలి. చదవలేని భాగాలున్న డిస్క్ అయితే క్లోన్ ఆలోచన మానుకోవాలి. ముందు ముఖ్యమైన ఫైళ్లను వేరే చోటికి తీసుకుని, ఎస్‌ఎస్‌డీ మీద విండోస్ 11ను కొత్తగా వేసుకోవాలి.